గుడి గోపురం ఉత్తరాదిదా, దక్షిణాదిదా? మూలను చూస్తే తెలుస్తుంది

ప్రశ్న: "మాది విశాఖ. ముఖలింగం, సింహాచలం, సామర్లకోట మూడూ చూశాం. మూడు గోపురాలూ మూడు రకాలుగా ఉన్నాయి. నాగరం, ద్రావిడం అని చదివాను కానీ గుడి ముందు నిలబడితే ఏది ఏదో పోల్చుకోలేకపోతున్నా. అసలు దేన్ని చూడాలి? ఆ అంతస్తులకు అర్థం ఏమిటి?"

జవాబు:

నాగరమంటే ఉత్తరాది పద్ధతి, ద్రావిడమంటే దక్షిణాది పద్ధతి. ముందు రెండు మాటల దగ్గర చిక్కు విప్పుకోవాలండి, సగం గందరగోళం అక్కడే పుడుతుంది. మనం వాడుకలో గుడి మీద ఏది పైకి లేచినా గోపురమే అంటాం. శిల్పుల లెక్కలో గోపురం అంటే వాకిలి మీదిది, అంటే మన గాలిగోపురం. దేవుడున్న గర్భాలయం మీదిది విమానం. గాలిగోపురం అడుగు దీర్ఘచతురస్రంగా ఉంటుంది, తలమీద గూడుబండి కప్పులాంటి పొడవాటి కప్పు, దాని మీద వరసగా కలశాలు. విమానానికి సాధారణంగా ఒకటే కలశం. ఉత్తరాది గుడినీ దక్షిణాది గుడినీ పోల్చాలంటే గర్భాలయం మీద ఉన్నదాన్ని గర్భాలయం మీద ఉన్నదానితోనే పోల్చాలి. భువనేశ్వర్‌లో లింగరాజును చూసొచ్చి మన గాలిగోపురంతో పోలిస్తే ఏ తేడా పట్టుకున్నా అది తప్పు తేడానే.

రెండో చిక్కు శిఖరం అనే మాటతో. ఉత్తరాదిలో గోడ ముగిసిన చోటు నుంచి పైదాకా లేచిన మొత్తం కట్టడం శిఖరం. దక్షిణాదిలో కలశం కింద టోపీ పెట్టినట్టు ఉండే ఒక్క భాగమే శిఖరం. ఒక పుస్తకంలో చదివిన శిఖరాన్ని ఇంకో గుడి మీద వెతికితే అందుకే దొరకదు.

ఇక చూడాల్సింది. ముందు నుంచి కాదు, మూల నుంచి చూడండి. రెండు గోడలు కలిసే అంచు దగ్గర నిలబడి, ఆ అంచు వెంట కన్నును కింది నుంచి పైకి పోనివ్వండి. ఉత్తరాది శిఖరంలో కన్ను ఎక్కడా ఆగదు, ఒకే గీత లేచి పైన లోపలికి వంగుతుంది. దక్షిణాది విమానంలో ప్రతి అంతస్తు దగ్గరా ఆగుతుంది: ఒక చూరు, దాని మీద చిన్న గుడి బొమ్మ, వెనక్కి జరిగిన గోడ, మళ్లీ చూరు. దూరం నుంచి కనిపించే ఆకారం మోసం చేయవచ్చు గానీ మూల చేయదు.

ముఖలింగంలో ఉత్తరాది శిఖరాన్ని ఇలా చూడడం నేర్చుకోవడానికి మధుకేశ్వరం గుడి కన్నా సోమేశ్వరం గుడి మేలు. మధుకేశ్వరంలో ప్రాకారం, ఉపాలయాలు, జనం అన్నీ కలిసి కన్నును చెదరగొడతాయి. సోమేశ్వరానికి ముందు మండపం లేదు, ఒంటి శిఖరం, నాలుగు వైపులా తిరిగి చూడొచ్చు. గోడ మధ్యలో కాస్త ముందుకు పొడుచుకొచ్చిన నిలువు పట్టీ కనిపిస్తుంది. దేవుడి బొమ్మ ఉన్న గూడు ఆ పట్టీలోనే ఉంటుంది. కళింగ శిల్పులు దాన్ని రాహా అంటారు, మూల పట్టీని కనిక అంటారు. ఈ పట్టీలు గోడతో ఆగిపోవు, శిఖరం మీద కూడా అలాగే పైదాకా పోతాయి. గోడ, శిఖరం ఒకే ముద్దలోంచి లాగినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఒక వైపు గోడ మీద మూడు పట్టీలుంటే త్రిరథం, అయిదుంటే పంచరథం. లెక్క మూలతో మొదలుపెట్టి మూలతో ముగించాలి. మూలల్ని వదిలేసి లెక్కపెట్టి రెండు తక్కువ చెప్పడం చాలామంది చేసే పొరపాటు.

మరి ఈ శిఖరానికి అంతస్తులు లేవా అంటే ఉన్నాయి, కాకపోతే మూలలో దాగి ఉన్నాయి. మూల పట్టీ వెంట పైకి చూస్తే కొంత దూరానికొకటిగా, తొనలు తీసిన ఉసిరికాయను నొక్కి మూలలో ఇరికించినట్టు రాతి బిళ్లలు కనిపిస్తాయి. వాటిని భూమి అమలకాలు అంటారు. ఆమలకం అంటే ఉసిరికే. ఒక్కో బిళ్ల దగ్గర ఒక 'భూమి', అంటే ఒక అంతస్తు ముగిసినట్టు. పాత చిన్న గుళ్లలో ఇవి తక్కువగా, అయిదు దాకా ఉంటాయి, లింగరాజులో పదికి పోతాయి. పైకి పోయే కొద్దీ భూముల ఎత్తు తగ్గుతుంది. శిఖరం ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపించడంలో దాని పాత్ర కొంత ఉంది. అంటే ఉత్తరాది శిల్పి కూడా మేడ మీద మేడే వేశాడు, కానీ వాటిని అణిచి, కరిగించి, ఒకే గీతలో కలిపేశాడు.

ఆ గీత చేతివాటంగా గీసింది కాదు. మధ్య భారతంలో వాడిన ఒక లెక్క చెబుతాను. శిఖరం అడుగు వెడల్పును పది భాగాలు చేస్తే, వంపు ముగిసే భుజం దగ్గర ఆరు భాగాలు మిగలాలి. వంపును గీయడానికి అడుగు వెడల్పుకు నాలుగు రెట్లు పొడవున్న తాడు తీసుకుంటారు. అడుగు వెడల్పు 20 అడుగులు అనుకోండి. తాడు 80 అడుగులు, భుజం 12 అడుగులు, అంటే ఒక్కో వైపు 4 అడుగులు లోపలికి రావాలి. 80 అడుగుల తాడుతో, అడుగున నిట్టనిలువుగా మొదలయ్యేలా వంపు గీస్తే, 4 అడుగులు లోపలికి వచ్చేసరికి ఎత్తు సరిగ్గా 25 అడుగుల దగ్గరికి చేరుతుంది. అంటే అడుగు వెడల్పుకు ఒకటింపావు రెట్లు. కాగితం మీద 20 అడుగులకు 20 సెంటీమీటర్లు వేసుకుని మీరే గీసి చూడొచ్చు. కళింగ శిఖరాలు దీనికన్నా నిటారుగా ఉంటాయి. చాలా దూరం దాదాపు నేరుగా లేచి, భుజం దగ్గర మాత్రం గబుక్కున లోపలికి తిరుగుతాయి. మధ్య భారతపు శిఖరం పక్కన పెడితే కళింగ శిఖరం భుజాలు ఎగరేసి నిలబడ్డ మనిషిలా ఉంటుంది.

భుజం పైన మెడ, మెడ మీద పెద్ద అమలకం, దాని మీద ఖపురి అనే పుర్రె లాంటి రాయి, ఆపైన కలశం. కళింగ శిల్పులు ఈ భాగమంతటినీ మస్తకం అంటారు, కింద గోడలో జంఘ అంటే పిక్క, శిఖరం మొండెం. గుడిని నిలబడ్డ శరీరంగా చూశారని పేర్లే చెబుతున్నాయి. ఈ మెడ మీద మీ కన్ను ఒక నిమిషం నిలపండి. శిఖరంతో పోలిస్తే అది చాలా సన్నం. పెద్ద గుళ్లలో ఆ సందులో కూర్చున్న సింహాలూ, భైరవుడి బొమ్మలూ అమలకాన్ని తల మీద మోస్తున్నట్టు ఉంటాయి. ఆ అమలకం అలంకారానికి మాత్రమే పెట్టింది కాదు. ఈ శిఖరాల్లో కమాను లేదు. ఒక్కో రాతి వరసను కిందిదానికన్నా కాస్త లోపలికి జరిపి పేర్చి నాలుగు గోడల్నీ దగ్గరికి తెస్తారు. అలా జరిపిన రాళ్లు లోపలికి ఒరిగిపోకుండా పైన బరువు నొక్కి పట్టాలి. ఆ బరువు అమలకమే. అందుకే శిథిలమైన గుళ్లలో ముందు పోయేది సన్నటి మెడ, దానితో పాటు అమలకం. భుజం దగ్గర కోసేసినట్టు బల్లపరుపుగా ఉన్న శిఖరం కనిపిస్తే "కట్టడం మధ్యలో ఆపేశారు" అనుకోకండి, చుట్టుపక్కల నేల మీద తొనల చక్రంలాంటి రాయి ఉందేమో వెతకండి.

ఇప్పుడు సామర్లకోట రండి. విశాఖ నుంచి విజయవాడ లైన్లో రైలెక్కితే నేరుగా దిగొచ్చు. తూర్పు చాళుక్యుల కాలపు భీమేశ్వరాలయం, చాళుక్య భీముడి పేరుతో ముడిపడింది, ఆయన ఏలింది 892 నుంచి 922 వరకు. ద్రావిడ విమానంలో 'తలం', అంటే అంతస్తు, ఎలా ఉంటుందో ఇంత తేటగా చూపే గుడి మన కోస్తాలో ఇదీ ద్రాక్షారామమూ తప్ప మరొకటి చెప్పడం కష్టం. మామూలుగా దక్షిణాది విమానంలో పై అంతస్తులు చూపు కోసమే. అక్కడ ఎవరూ నడవరు, తలుపులుండవు. సామర్లకోటలో మాత్రం లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది, మెట్లెక్కి పైకి వెళితేనే లింగం తల దగ్గర అభిషేకం చూడగలరు. అంటే బయట కనిపించే మేడ లోపల నిజంగానే మేడ. బయటికి వచ్చి మూల నుంచి విమానాన్ని చూడండి. కన్ను ఆగిన ప్రతి చోటా ఒక చూరు ఉంటుంది.

ఆ చూరు మీద ఏముందో చూడడం ఈ మొత్తం విషయానికి ప్రాణం. ద్రావిడ విమానంలో ప్రతి అంతస్తు అంచున బుల్లి గుళ్ల దండ ఒకటి కడతారు. దాని పేరే హారం. మూలల్లో ఉండే చతురస్రపు బుల్లి గుడి కూటం. మధ్యలో గూడుబండి కప్పుతో పొడుగ్గా ఉండేది శాల. వాటి నడుమ ఇరుకులో దూర్చినది పంజరం. మూలన కూటం, నడుమ శాల, మళ్లీ మూలన కూటం: పై అంతస్తులోనూ ఇదే వరస, కాకపోతే కొంచెం చిన్నదిగా, వెనక్కి జరిగి. మహాబలిపురంలో ధర్మరాజు రథం దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. ఒకే రాతిలో చెక్కింది కాబట్టి తరవాతి మరమ్మతులూ రంగులూ ఆ దండను దాచలేదు. అక్కడ ఒకసారి చూస్తే ఇక్కడ గుర్తుపట్టడం తేలిక.

కొలతల్లో తేడా ఇంకా బాగా బయటపడుతుంది. ఒకే అంతస్తున్న విమానానికి దక్షిణాది శాస్త్రాలు చెప్పే ఒక పద్ధతిలో మొత్తం ఎత్తును ఎనిమిది భాగాలు చేస్తారు. పీఠానికి ఒకటి, గోడకు రెండు, చూరుకు ఒకటి, మెడకు ఒకటి, శిఖరానికి రెండు, కలశానికి ఒకటి. 16 అడుగుల గుడి అయితే పీఠం 2, గోడ 4, చూరు 2, మెడ 2, శిఖరం 4, కలశం 2 అడుగులు. ఉత్తరాదిలో సన్నటి సందులా ఉన్న మెడ ఇక్కడ పీఠంతో సమానమైంది. అందులో నాలుగు దిక్కులా దేవుళ్లు కూర్చునే గూళ్లు, మూలల్లో శివాలయమైతే నందులు, విష్ణ్వాలయమైతే గరుత్మంతులు. ఒక విమానం ఏ దేవుడిదో దూరం నుంచే చెప్పాలంటే నేను ముందు మెడ మూలల్నే చూస్తాను. ఎంత ఎత్తుకు పెంచాలన్నా, శిఖరాన్ని సాగదీయరు. గోడకూ మెడకూ మధ్య అంతస్తులు చేరుస్తారు. 1010లో పూర్తయిన తంజావూరు పెద్ద గుడి విమానంలో 13 అంతస్తులని సాధారణంగా లెక్కపెడతారు, పైన శిఖరం మాత్రం ఎనిమిది పలకల ఒకే టోపీ.

ఇక్కడే ఆకారం ఎలా మోసం చేస్తుందో చెప్పాలి. తంజావూరు విమానం అంచు కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టు నేరుగా పోతుంది. దాని తరవాతి తరంలో కట్టిన గంగైకొండచోళపురం విమానం అంచు లోపలికి పల్లంగా వంగి లేస్తుంది. వంపు ఉంది కాబట్టి ఉత్తరాదిది అంటే తప్పే. ఆ వంపు బయటికి ఉబ్బినది కాదు, పైగా ఆ అంచు మీద కూటాల వరస స్పష్టంగా ఉంది.

దీనికి తిరకాసుగా కళింగ గుళ్ల ముందు ఉండే మండపం, జగమోహనం, మన కంటికి అచ్చంగా దక్షిణాది గోపురంలా కనిపిస్తుంది. అడ్డ పొరలు మెట్లు మెట్లుగా పైకి తగ్గుతూ పోతాయి. కోణార్కలో పెద్ద శిఖరం కూలిపోయి ఈ జగమోహనమే మిగలడంతో దాన్నే చూసి ఒడిశా గుళ్లు అంతస్తులవి అని రాసేవాళ్లు కూడా ఉన్నారు. ఒరియాలో దాన్ని పీఢ దేవళం అంటారు, మన పీటకు దగ్గరి మాట. నిజంగానే పీటల మీద పీటలు పేర్చినట్టుంటుంది. తేడా ఎలా కనిపెట్టాలంటే, పీట అంచు మీద బుల్లి గుళ్ల దండ ఉందా అని చూడండి. పీఢలో ఆ కూట, శాలల వరస ఉండదు, ఉత్త చూరు పలకలే. పైన కూడా పలకల టోపీకి బదులు బోర్లించిన గంట, దాని మీద అమలకం ఉంటాయి.

సింహాచలం మిమ్మల్ని తికమక పెట్టడంలో మీ తప్పేం లేదు. ఇప్పుడున్న గుడిలో ప్రధాన భాగం 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల ఏలుబడిలో రాతితో కట్టించింది. గర్భాలయం మీద చతురస్రపు ఎత్తైన కట్టడం, దాని ముందు చిన్నది, ఈ జంటను చూస్తే కళింగపు శిఖరం, జగమోహనం గుర్తొస్తాయి. ప్రాకారాలూ, గాలిగోపురమూ, బారులు తీరిన స్తంభాల మండపాలూ దక్షిణాది అలవాటు. రెండు రాజ్యాల సైన్యాలూ, శిల్పులూ, భక్తులూ నడిచిన దారి మీద ఉన్న కొండ అది. "నాగరమా ద్రావిడమా" అని ఒక్క మాటలో అడిగితే ఆ గుడికి జవాబు లేదు. భాగం భాగంగా అడగాలి: పీఠం ఏ పద్ధతి, గోడ ఏ పద్ధతి, పైది ఏ పద్ధతి, చుట్టూ ఉన్నది ఏ పద్ధతి. కర్ణాటకలో పట్టదకల్లు పాపనాథాలయంలోనూ ఇంతే, గోడల మీద దక్షిణాది వరసలు, నెత్తిన ఉత్తరాది శిఖరం. మన రాష్ట్రం పక్కనే అలంపురంలో చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాల్లో ఎక్కువ వాటికి ఉత్తరాది శిఖరాలే. కృష్ణ దాటితే ద్రావిడం, గోదావరి దాటితే నాగరం అని మ్యాపు మీద గీత గీయడం కుదరదు.

ఇక పేరు దగ్గరే మరో గోతి ఉంది. దక్షిణాది శాస్త్రాలు తమ సొంత విమానాల్లోనే నాగర, ద్రావిడ, వేసర అని మూడు చెబుతాయి. అక్కడ అవి దేశభేదం కావు, మెడ, శిఖరాల ఆకారం: నాలుగు పలకలైతే నాగరం, ఎనిమిదో ఆరో అయితే ద్రావిడం, గుండ్రమైతే వేసరం. తమిళ స్థపతి "ఇది నాగర విమానం" అంటే అది ఉత్తరాది గుడి అని రాసుకోకండి.

అర్థం సంగతి. ఉత్తరాదిది పర్వతం, దక్షిణాదిది మేడ అని తేల్చే వ్యాసాలు చాలా ఉన్నాయి, అది సగమే నిజం. తంజావూరు విమానానికి రాజరాజు కాలం నుంచీ ఉన్న పేరు దక్షిణమేరువు. పర్వతం ఇద్దరిదీ. శరీరం కూడా ఇద్దరిదీ, ఇక్కడ పాదం, గ్రీవం అన్న పేర్లున్నట్టే అక్కడ జంఘ, మస్తకం ఉన్నాయి. తేడా ఆ పర్వతాన్ని ఎలా ఊహించారన్న దానిలో ఉంది. దక్షిణాది మేరువు మీద దేవతలు కాపురముంటారు. ప్రతి అంతస్తులో ఇళ్ల వరస, గూళ్లలోంచి తొంగి చూసే వాళ్లు, ద్వారపాలకులు, ఒక పట్టణమే కొండెక్కినట్టు. ఉత్తరాది శిఖరంలో ఇళ్లు కరిగిపోయి ఒకే ఊర్ధ్వగతి మిగిలింది. గర్భాలయంలో చీకట్లో ఉన్న మూర్తి నెత్తి మీదుగా ఒక నిలువు గీత అమలకం మధ్యలోంచి కలశం దాకా పోతుందని అనుకుంటే, శిఖరంలో ప్రతి పట్టీ ఆ గీత వైపే వంగుతోంది. అమలకాన్ని కొందరు సూర్యుడన్నారు, కొందరు బీజమన్నారు. నాకు మాత్రం, మూలల్లో అంతస్తుకొకటిగా దాగిన చిన్న ఉసిరికలన్నీ చివరికి ఒకే పెద్ద ఉసిరికగా తేలడం దగ్గరే దాని అర్థం ఎక్కువ తెలుస్తుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒకటి రెండు జాగ్రత్తలు. మన వైపు చాలా విమానాల పై భాగం ఇటుక, సున్నం. మీద పొరలు పొరలుగా రంగు వేస్తూ పోవడంతో కూటం, శాల అంచులు మొద్దుబారి బొమ్మల గుంపులా మిగులుతాయి. కొత్తగా సిమెంటు బొమ్మలు చేర్చిన చోట హారం పూర్తిగా మాయమవుతుంది. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేక ఇంకో నష్టం: పూత ఉబ్బి పెచ్చులూడుతుంది, ఆ సందుల్లో రావి మొలుస్తుంది. సముద్రం దగ్గరి గుళ్లలో లోపల ఇనుప చువ్వలు పెట్టి చేసిన బొమ్మలకు ఉప్పుగాలి తగిలి చువ్వ తుప్పు పట్టి, ఉబ్బి, చేతులూ వేళ్లూ ముందు చిట్లుతాయి. అలాంటి గుడిలో బొమ్మల్ని వదిలేసి చూరు గీతల్ని లెక్కపెట్టండి, అవి చివరిదాకా నిలుస్తాయి. పొద్దున ఎనిమిది లోపు, పక్క నుంచి ఎండ పడేటప్పుడు, గుడి ఎత్తుకు రెండింతల దూరంలో మూల ఎదురుగా నిలబడండి. తూర్పు ముఖపు గుడి అయితే వేసవిలో ఆగ్నేయ మూల మేలు, ఆ వేళకు తూర్పు వైపంతా ఎండ పడుతూ దక్షిణం వైపు నీడ పట్టి, రెండింటి మధ్య అంచు కత్తిరించినట్టు కనిపిస్తుంది.